అతుకుల రాతా, దొంగ రాతా? డిగ్రీ ప్రాజెక్టు దిద్దేటప్పుడు తేడా ఎలా తెలుస్తుంది

డిగ్రీ ఆరో సెమిస్టర్ ప్రాజెక్టులు దిద్దేవాళ్లందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఒక పేరా చదువుతుంటే ఇది విద్యార్థి సొంత రాత కాదని తెలిసిపోతుంది. ఎక్కడో పుస్తకంలో ఉన్న వాక్యాలే, నాలుగు మాటలు మారాయి అంతే. అంతవరకు అనుమానం లేదు. ఆ తర్వాతి ప్రశ్న దగ్గరే చెయ్యి ఆగుతుంది. ఈ పిల్లవాడికి సొంత మాటల్లో రాయడం చేతకాక ఇలా రాశాడా? లేక మనల్ని నమ్మించాలని కావాలనే చేశాడా? మొదటిది నేర్పాల్సిన విషయం, రెండోది విచారించాల్సిన విషయం. ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే, నిజాయతీగా కష్టపడ్డ విద్యార్థి మీద దొంగ అనే ముద్ర పడుతుంది, లేదంటే నిజంగా మోసం చేసినవాడికి ఫస్ట్ క్లాస్ వస్తుంది. రెండూ మన కాలేజీల్లో జరుగుతున్నాయి. అందుకే దీన్ని కాస్త నిదానంగా విడదీసి చూడాలనిపించింది.

మన నల్గొండ వైపు విద్యార్థులు ఏటా ఎంచుకునే అంశం ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు. ఇక్కడి గ్రానైట్ రాళ్ల నేలలో బోరు నీళ్లకు ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్లలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించిన విధానానికి పేరే నల్గొండ పద్ధతి. కాబట్టి మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్ల మీద ప్రాజెక్టు అంటే అందులో ఈ పద్ధతి గురించి ఒక పేరా తప్పక ఉంటుంది. ఆ పేరానే ఉదాహరణగా తీసుకుందాం. కింద ఇచ్చిన రాతలు ఏ విద్యార్థివీ కావు, ఈ వ్యాసం కోసం నేను కూర్చినవే. కానీ దిద్దేవాళ్లు వీటిని వెంటనే గుర్తుపడతారు.

పుస్తకంలో ఇలా ఉందనుకుందాం:

"నల్గొండ పద్ధతిలో నీటికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. పటిక నీటిలో కరిగి అల్యూమినియం హైడ్రాక్సైడ్ ముద్దలుగా మారుతుంది. ఫ్లోరైడ్ ఆ ముద్దలకు అంటుకొని వాటితోపాటే అడుగుకు దిగుతుంది. పటిక వల్ల నీటి క్షారత తగ్గిపోతుంది కాబట్టి దాన్ని నిలబెట్టడానికి సున్నం అవసరమవుతుంది. సున్నం మోతాదు సాధారణంగా పటిక మోతాదులో ఇరవయ్యో వంతు ఉంటుంది."

మొదటి విద్యార్థి రాసింది:

"నల్గొండ విధానంలో నీళ్లకు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. పటిక నీళ్లలో కరిగి అల్యూమినియం హైడ్రాక్సైడ్ గడ్డలుగా తయారవుతుంది. ఫ్లోరైడ్ ఆ గడ్డలకు అతుక్కొని వాటితో కలిసి కిందికి దిగుతుంది. పటిక వల్ల నీటి ఉప్పదనం తగ్గుతుంది కాబట్టి దాన్ని ఆపడానికి సున్నం కావాలి. సున్నం మోతాదు మామూలుగా పటిక మోతాదులో ఇరవయ్యో భాగం (నీటి వనరుల పాఠ్యపుస్తకం, 3వ అధ్యాయం)."

రెండో విద్యార్థి రాసింది:

"మా సర్వేలో మేము స్వయంగా పరిశీలించగా, పటిక మోతాదులో ఇరవయ్యో వంతు సున్నం సరిపోతుందని తేలింది. పటిక మూలంగా నీటి క్షారత పడిపోతుంది గనుక, దాన్ని నిలిపేందుకే సున్నం వాడుతున్నట్టు గమనించాము. కరిగిన పటిక అల్యూమినియం హైడ్రాక్సైడ్ ముద్దలయ్యాక, ఫ్లోరైడ్ వాటిని అంటిపెట్టుకొని అడుగుకు చేరడం చూశాము."

ఈ రెండింటినీ పుస్తకం పక్కన పెట్టి మాట మాటా పోలిస్తే మొదటిదే ఎక్కువ కలుస్తుంది. వాక్యాల వరుస అదే, ప్రతి వాక్యం నిర్మాణమూ అదే. పద్ధతి విధానమైంది, ముద్దలు గడ్డలయ్యాయి, అడుగుకు అన్నది కిందికి అయింది. రెండోదాంట్లో వాక్యాల వరుస తలకిందులైంది, నిర్మాణం మారింది, మొదటి వాక్యమైతే ఎగిరిపోయింది. పోలిక శాతం చూసి తీర్పు చెప్పేవాళ్లు మొదటి విద్యార్థిని పట్టుకొని రెండోవాడిని వదిలేస్తారు. నా తీర్పు దానికి పూర్తిగా వ్యతిరేకం. ఎందుకో చెబుతాను.

మొదటి విద్యార్థి పేరా చివర పుస్తకం పేరు, అధ్యాయం రాశాడు. నేను ఇది ఇక్కడ చదివాను, కావాలంటే మీరే చూసుకోండి అని దారి చూపించాడు. తన రాత పుస్తకానికి ఎంత దగ్గరగా ఉందో మనం కనిపెట్టగలిగింది కూడా అతను ఇచ్చిన ఆనవాలు వల్లనే. దాచాలనుకున్నవాడు ఆ పని చేయడు. ఇక క్షారత అనే మాట చూడండి. దాన్ని అతను ఉప్పదనం అని మార్చాడు. అది తప్పు. పటిక వేసినప్పుడు తగ్గేది నీటికి ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, ఉప్పు రుచి కాదు. కానీ ఈ తప్పు చాలా విషయం చెబుతుంది. ఆ మాట అతనికి అర్థం కాలేదు. పుస్తకంలో ఉన్న మాట ఉన్నట్టు రాయకూడదని ఎవరో చెప్పారు, అర్థం కాని మాటను సొంత మాటగా మార్చబోయి పొరబడ్డాడు. చేతకాని రాత అచ్చం ఇలాగే ఉంటుంది. మాట మారిన చోటల్లా అర్థం కొంచెం జారుతుంది.

రెండో విద్యార్థి మార్పుల్లో అర్థం ఎక్కడా జారలేదు. క్షారతను ముట్టుకోలేదు, మోతాదు లెక్క సరిగ్గా ఉంది. అంటే చదివింది అర్థమైంది. వాక్యాలను తిరగరాయడం కూడా వచ్చు. అంత చేతనైనవాడు మూలం పేరు రాయకపోగా, మేము స్వయంగా పరిశీలించాము, గమనించాము, చూశాము అని మూడు చోట్ల తన ఖాతాలో వేసుకున్నాడు. చివరి మాట దగ్గర దొరికిపోయాడు కూడా. పటిక ముద్దలు కంటికి కనబడతాయి, తెల్లగా తేలుతూ నెమ్మదిగా దిగుతాయి. నీళ్లలో ఫ్లోరైడ్ కంటికి కనబడదు. దానికి రంగు లేదు. అది ముద్దకు అంటుకోవడాన్ని బకెట్ పక్కన నిలబడి ఎవరూ చూడలేరు. ప్రయోగశాలలో నీళ్లను ముందూ తర్వాతా పరీక్షిస్తేనే తగ్గిందని తెలుస్తుంది. పుస్తకం వివరించినదాన్ని చూసినట్టు రాశాడంటే అది రాయడం రాకపోవడం కాదు. చేయని పని చేసినట్టు చెప్పుకోవడం.

నేను పట్టుకునే మొదటి గీత ఇదే. పోలిక ఎంత ఉందన్నది కాదు, విద్యార్థి ఆ పోలికను మన కంటపడనిచ్చాడా, పడకుండా చేశాడా అన్నది.

మొదటి విద్యార్థి చేసినదానికి చదువుల లోకంలో ఒక పేరుంది. అమెరికాలో రాత నేర్పే అధ్యాపకురాలు రెబెకా మూర్ హోవర్డ్ 1993లో దీన్ని ప్యాచ్‌రైటింగ్, అంటే అతుకుల రాత అన్నారు. మూలంలోంచి కొన్ని మాటలు తీసేయడం, వ్యాకరణం కొద్దిగా తిప్పడం, ఒక్కో మాటకు సమానార్థకం పెట్టడం దాని లక్షణాలని చెప్పారు. కొత్త విషయంలోకి, కొత్త భాషలోకి అడుగుపెట్టే విద్యార్థి మూలాన్ని పట్టుకొని నడిచే దశ ఇదని, దీన్ని నేరంగా చూడటం పొరపాటని ఆమె వాదన. 2010లో ఆమె, మరో ఇద్దరు కలిసి 18 మంది కాలేజీ విద్యార్థుల పరిశోధన వ్యాసాలను వాటి మూలాల పక్కన పెట్టి చదివారు. ఒక్క వ్యాసంలో కూడా విద్యార్థి మూలం మొత్తాన్ని సంగ్రహించి రాసిన చోటు కనిపించలేదు. అందరూ మూలంలోంచి ఒక్కో వాక్యాన్ని పట్టుకొని దాని మీదే పని చేశారు. మూలం మొత్తం ఏం చెబుతోందో తెలియనివాడు వాక్యాలను మాత్రమే మార్చగలడు, ఇంకేమీ చేయలేడు. 2003లోనే అక్కడ రాత కోర్సులు నడిపేవాళ్ల సంఘం ఒకటి కావాలని చేసే చౌర్యం వేరు, మూలాన్ని సరిగ్గా వాడటం రాకపోవడం వేరు అని స్పష్టంగా విడదీసి ప్రకటించింది.

మన దగ్గర ఈ దశ ఇంకా ఎక్కువ కాలం నడుస్తుంది, దానికి కారణమూ మనమే. పదో తరగతి నుంచి ఇంటర్ దాకా గైడ్‌లో ఉన్నట్టు రాస్తే పూర్తి మార్కులు వేశాం. సొంతంగా రాస్తే, సరైన జవాబే అయినా, సగం కోసిన సందర్భాలు తక్కువేమీ కాదు. అయిదారేళ్లు అలా రాసిన చేతికి డిగ్రీ చివర్లో ప్రాజెక్టు ఇచ్చి, సొంత మాటల్లో రాయమని ఒక్క వాక్యం చెప్పి పంపిస్తాం. ఎలా రాయాలో బోర్డు మీద ఒక పేరా రాసి చూపించేవాళ్లు అరుదు. పైగా పుస్తకాల తెలుగు వేరు, మర్రిగూడలో ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు. క్షారత, అవక్షేపం లాంటి మాటలు ఆ పిల్లలకు పరాయివే. కనుక అతుకుల రాత ఎక్కువగా ఎక్కడ కనిపిస్తుందో చూస్తే అది రసాయన వివరణల్లో, చట్టాల పేరాల్లో, నిర్వచనాల్లో ఉంటుంది. అదే విద్యార్థి తన ఊరి బోర్ల గురించి, మిషన్ భగీరథ నల్లా వచ్చాక ఇంట్లో ఏం మారిందన్న దాని గురించి రాసిన పేజీకి వస్తే భాష ఒక్కసారిగా తేలికవుతుంది. వాక్యాలు చిన్నవవుతాయి, అచ్చుతప్పులు పెరుగుతాయి, కానీ చెప్పేది అతనే. ఈ మార్పు కనిపిస్తే నాకు సగం భయం తీరుతుంది.

రెండో గీత ఇక్కడే ఉంది. పోలిక ఏ పేజీలో పడిందన్నది చూడాలి. పటిక ఎలా పనిచేస్తుందన్నది ఎవరు రాసినా దగ్గర దగ్గరగానే ఉంటుంది, ఎందుకంటే జరిగేది ఒక్కటే. అల్యూమినియం హైడ్రాక్సైడ్‌కు మారుమాట లేదు, ఉండకూడదు కూడా. ఆ పేజీలో పోలిక ఉంటే రాత బలహీనమనే అర్థం. కానీ సర్వే ఫలితాల పేజీ అలా కాదు. ఎన్ని ఇళ్లకు వెళ్లారు, ఎవరేం చెప్పారు, ఎంతమందికి పళ్ల మీద గోధుమ చారలున్నాయి, ఎవరి మోకాళ్లు వంగడం లేదు అన్నవి ఆ విద్యార్థికి మాత్రమే దొరికే విషయాలు. అక్కడ వేరేవాళ్ల రాత కనబడితే సొంత మాటల్లో రాయడం రాలేదన్న సమాధానం చెల్లదు. అక్కడ తిరగరాయడానికి మూలమే ఉండకూడదు.

రెండో విద్యార్థి సర్వే అధ్యాయం తీద్దాం. ఊరు మర్రిగూడ మండలంలోదని ఉంది. 50 ఇళ్లు తిరిగామని రాశాడు. పట్టికలో మాత్రం తాగునీటి వనరుల వారీగా ఇళ్లు 28, 19, 15 అని ఉన్నాయి. కూడితే 62 అవుతుంది. ఇక్కడే ఆగిపోకూడదు, ఎందుకంటే కూడికలో తప్పు ఎవరికైనా జరుగుతుంది. ఒకే ఇల్లు రెండు వనరులు వాడితే కూడా మొత్తం పెరుగుతుంది. ముందుకు వెళితే ఒక వాక్యం ఉంటుంది: "చుట్టుపక్కల రొయ్యల చెరువులు పెరగడం వల్ల బోరు నీళ్లు ఉప్పగా మారాయని గ్రామస్తులు తెలిపారు." మర్రిగూడలో రొయ్యల చెరువులు ఎక్కడివి? ఇది సముద్రతీర జిల్లాలో ఎవరో చేసిన ప్రాజెక్టు. ఊరి పేరు, మండలం పేరు, ఇళ్ల సంఖ్య మారాయి. పట్టికలోని అంకెలు, ఊరివాళ్ల మాటలు మారకుండా మిగిలిపోయాయి. ఒక్కో గుర్తు విడిగా అనుమానమే, కానీ కలిసినప్పుడు ఇంకో వివరణ దొరకదు. ఊరి పేరు మార్చడం చేయి జారి జరిగే పని కాదు. అది పాఠకుణ్ని దృష్టిలో పెట్టుకొని చేసే పని.

అయితే మూలంలోని తప్పు విద్యార్థి రాతలోకి దిగిందని చెప్పి ఉద్దేశాన్ని తేల్చేయకూడదు. పుస్తకంలో తప్పుగా అచ్చైన అంకె రెండు రాతల్లోనూ కనిపిస్తే, ఇది దాన్నుంచి వచ్చిందని మాత్రమే రుజువవుతుంది. అమాయకంగా ఎత్తి రాసినవాడూ ఆ తప్పును మోసుకొస్తాడు. ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న, ఎందుకు చెప్పలేదన్నది వేరే ప్రశ్న. దిద్దేటప్పుడు మొదటిదానికి జవాబు దొరకగానే రెండోదానికీ దొరికిందనుకోవడమే ఎక్కువగా జరిగే పొరపాటు.

సాఫ్ట్‌వేర్ చెప్పదా అని అడుగుతారు. అది చెప్పేది పోలిక గురించి మాత్రమే. పైగా తెలుగు రాతల విషయంలో అదీ సరిగ్గా చెప్పదు. నీటిలోని అన్న మాటను నీళ్లలో ఉన్న అని మారిస్తే మనిషికి తేడా లేదు, యంత్రానికి అది వేరే మాట. మన భాషలో విభక్తి మారినా, సంధి విడదీసినా మాట రూపమే మారిపోతుంది కాబట్టి చిన్న మార్పులకే పోలిక తెగిపోతుంది. ఇంకో చిక్కు డీటీపీ దగ్గర ఉంది. చాలా ప్రాజెక్టులు కాలేజీ దగ్గరి జిరాక్స్ సెంటర్లలో అను ఫాంట్లలో టైపవుతాయి. అవి యూనికోడ్ కావు. తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఉండేవి వేరే అక్షరాలు. అలాంటి ఫైలును యూనికోడ్ తెలుగుతో పోలిస్తే సున్నా శాతం వచ్చినా ఆశ్చర్యం లేదు. ఆ సున్నాను నిజాయతీకి సర్టిఫికెట్‌గా తీసుకోకండి. నా దారి పాతదే. విద్యార్థి మామూలుగా వాడని ఒక మాటల వరుస, అయిదారు మాటలది, ఎంచుకొని యూనికోడ్‌లో నేనే టైప్ చేసి కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతుకుతాను. దొరక్కపోతే డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉన్న పాత ప్రాజెక్టులు తీస్తాను. ఎక్కువసార్లు మూలం ఆ బీరువాలోనే ఉంటుంది.

శాతాల మాట వచ్చింది కనుక రాత చౌర్యంపై యూజీసీ నిబంధనల గురించి ఒకటి చెప్పాలి. 2018 నాటి ఆ నిబంధనల్లో నాలుగు మెట్లున్నాయి. పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 వరకు ఉంటే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 వరకు ఉంటే ఏడాది పాటు సరిదిద్దిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. వరసగా 14 మాటల వరకు ఉండే సాధారణ పదజాలాన్ని, మూలం చెప్పి ఉటంకించినదాన్ని, రిఫరెన్సుల జాబితాను లెక్కలోంచి తీసేయాలి. ఈ అంకెలను డిగ్రీ ప్రాజెక్టులకూ వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఆ నిబంధనలే తమ పరిధిలోకి వచ్చే రాతలు ఏవో చెబుతూ అసైన్‌మెంట్లు, టర్మ్ పేపర్లు, ప్రాజెక్టు రిపోర్టులు, జవాబు పత్రాలను బయట పెట్టాయి. అవి పీజీ, పరిశోధన స్థాయి థీసిస్‌ల కోసం, అచ్చయ్యే వ్యాసాల కోసం చేసినవి. కాబట్టి డిగ్రీ విద్యార్థిని 42 శాతం వచ్చిందని మూడో మెట్టు మీద నిలబెట్టడానికి ఆ నిబంధన మనకు ఆధారం కాదు. ఇక్కడ తీర్పు దిద్దేవాళ్లదే, బాధ్యతా వాళ్లదే.

తీర్పుకు ముందు విద్యార్థితో మాట్లాడాలి. కాగితం మీది గుర్తులు ఎంత బలంగా ఉన్నా మాట్లాడకుండా తేల్చేయడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. ఎలా మాట్లాడాలన్నది కూడా ముఖ్యమే. క్లాసు ముందు కాదు, తోటి లెక్చరర్లందరూ ఉన్న స్టాఫ్ రూమ్‌లోనూ కాదు. కాపీ కొట్టినవా అన్న ప్రశ్నతో మొదలుపెడితే అమాయకుడూ దొంగా ఒకేలా తల దించుకుంటారు. ముందు ఊరి గురించి అడగాలి. ఏ వాడకు పోయినవు, ఎవరింట్లో ఎక్కువసేపు కూర్చున్నవు, ఎవరు మాట్లాడనన్నరు? తిరిగినవాడికి ఈ ప్రశ్నలు ఊరట, ఎందుకంటే వాటికి జవాబు అతని దగ్గరే ఉంది. తిరగనివాడు ప్రశ్న పూర్తయ్యేలోపే రిపోర్టు వైపు చూస్తాడు.

ఆ తర్వాత పేరా దగ్గరికి రావాలి. మొదటి విద్యార్థితో ఆ మాటలు ఇలా సాగవచ్చు.

"ఈ ఉప్పదనం అన్నది ఎక్కడ చదివినవు నాయనా?"

"బుక్కుల క్షారత అని ఉండె సార్. అది నాకు సమజ్ కాలె. క్షారం అంటే ఉప్పే కదా అనుకొని రాసిన."

"మిగతాది?"

"కొన్ని మాటలు మార్చిన సార్. ఉన్నది ఉన్నట్టు రాయొద్దన్నరు గద."

ఇందులో దాపరికం లేదు. అడగ్గానే మూలం చెప్పాడు, ఏం చేశాడో చెప్పాడు, అలా చేయమన్నారనే అనుకుంటున్నాడు. నోట్‌బుక్ తెమ్మంటే తెస్తాడు, అందులో పుస్తకం పేరా చేత్తో ఎత్తి రాసి ఉంటుంది, మార్చిన మాటలు పైన రాసుకొని ఉంటాయి. అటువంటి నోట్‌బుక్ కంటే మంచి సాక్ష్యం ఉండదు. రెండో విద్యార్థిని ఫ్లోరైడ్ అంటుకోవడం ఎలా చూశారని అడిగితే జవాబు మారుతూ పోతుంది. ముందు చూశామంటాడు, తర్వాత ఊళ్లో ఒకరు చెప్పారంటాడు, ఆ తర్వాత ఈ భాగం తన జట్టులో ఇంకొకరు రాశారంటాడు. చివరిది నిజం కావచ్చు కూడా. నలుగురైదుగురు కలిసి చేసే ప్రాజెక్టుల్లో ఒకరు రాసింది మిగతావాళ్లు చదవకుండానే సంతకం పెడతారు. కనుక ఏ అధ్యాయం ఎవరు రాశారో విడివిడిగా అడిగి తెలుసుకున్నాకే ఒకరి పేరు మీద ఏదైనా రాయాలి.

ఈ మాటల పరీక్షకూ హద్దుంది. భయపడి మౌనంగా ఉండిపోయే పిల్లలుంటారు. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి, లెక్చరర్ ముందు కూర్చొని మాట్లాడటం అలవాటు లేని అమ్మాయి, టెన్షన్‌లో తన ఊరి పేరు కూడా తడబడుతుంది. అటువైపు ధీమాగా మాట్లాడగలిగిన మోసగాడు అన్నిటికీ తడుముకోకుండా జవాబు చెబుతాడు. అందుకే మాట తీరును బట్టి తీర్పు చెప్పను. మాటల్లో బయటికి వచ్చిన విషయం సరిచూసుకోవడానికి వీలున్నదేనా అని మాత్రమే చూస్తాను. నోట్‌బుక్ ఉందా, నింపిన ప్రశ్నావళి కాగితాలు ఉన్నాయా, వాటిలోని అంకెలు పట్టికతో కలుస్తాయా?

అన్నీ చూశాక కూడా తేలనివి ఉంటాయి. మూలం పేరు పేరా దగ్గర లేదు, చివరి జాబితాలో మాత్రం ఉంది. రెండు చోట్ల మూలం చెప్పాడు, మూడో చోట చెప్పలేదు. నోట్‌బుక్ పోయిందన్నాడు. ఇలాంటప్పుడు నేను చేసేది ఒక్కటే. అదే పుస్తకం ఇచ్చి, ఆ పేరా మళ్లీ చదవమని, పుస్తకం మూసి నా ఎదురుగానే రాయమంటాను. ఒక గంట చాలు. తెలియని మాట ఉంటే అడగమంటాను, నేనే విడమరిచి చెబుతాను. క్షారత అంటే ఏమిటో చెప్పాక మొదటి విద్యార్థి లాంటివాళ్లు ఇలా రాస్తారు: "పటిక ఒక్కటే వేస్తే నీళ్లకు ఆమ్లాన్ని ఆపే గుణం తగ్గిపోతది. అందుకే సున్నం కూడా వేస్తరు. 100 గ్రాముల పటికకు 5 గ్రాముల సున్నం." భాష నున్నగా లేదు, బ్లీచింగ్ పౌడర్ మర్చిపోయాడు. కానీ ఇరవయ్యో వంతును తనే లెక్క కట్టి అయిదు గ్రాములన్నాడు. ఆ లెక్క పుస్తకంలో లేదు. 200 గ్రాములకు ఎంత అని అడిగితే 10 అంటాడు. ఇదీ సొంత మాటల్లో రాయడమంటే. అతనికి ఇంతవరకు ఎవరూ ఇలా రాయించలేదు, అంతే.

ఇలా రాయించినా తేలకపోతే సంశయ లాభం విద్యార్థికే ఇవ్వాలి. చేతకాని రాతగానే లెక్కగట్టాలి. మనసులో ఏముందో మనకు కనబడదు, కనబడినట్టు రాస్తే ఆ ఫ్లోరైడ్‌ను చూశానన్నవాడికీ మనకూ తేడా ఉండదు.

అలా అని అతుకుల రాతకు మార్కులు పూర్తిగా వేయమనడం లేదు. ప్రాజెక్టు 50 మార్కులనుకుంటే, సర్వేకు 20, వివరణకు 20, వైవాకు 10 అని ముందే విడదీసి పెట్టుకుంటే చాలా గొడవ తప్పుతుంది. మొదటి విద్యార్థి సర్వే నిజమైనది కాబట్టి అక్కడ అతనికి రావాల్సింది రావాలి. కోత వివరణలోనే పడాలి. ఎంత పోయిందో, ఎందుకు పోయిందో పేరా పక్కనే రాయాలి: "మూలం చెప్పావు, బాగుంది. కానీ వాక్యాలు పుస్తకానివే. క్షారత అర్థం తప్పింది. పుస్తకం మూసి మళ్లీ రాసి సోమవారం చూపించు." కాపీ అనే ఒక్క మాట ఎర్ర ఇంకుతో రాస్తే అతను నేర్చుకునేది ఏమీ లేదు.

రెండో విద్యార్థి విషయం మార్కులు కోసి ముగించేది కాదు. సర్వే అధ్యాయానికి మార్కు వేయకుండా పక్కన పెట్టి, డిపార్ట్‌మెంట్ ఇన్‌చార్జికి రాతపూర్వకంగా ఇవ్వాలి. అందులో దొంగతనం, మోసం అన్న మాటలు అక్కర్లేదు. మూలమైన పాత ప్రాజెక్టు దొరికితే రెండు ప్రాజెక్టుల పేజీలు పక్కపక్కన జిరాక్స్ తీసి జత చేయాలి. పట్టిక మొత్తం 62 అవుతోందని, రిపోర్టులో 50 అని ఉందని రాయాలి. రొయ్యల చెరువుల వాక్యం రెండింటిలోనూ అక్షరం మారకుండా ఉందని రాయాలి. ప్రశ్నావళి కాగితాలు అడిగితే ఇవ్వలేదని, ఏ తేదీన అడిగామో రాయాలి. విద్యార్థి చెప్పిన జవాబులను అతని మాటల్లోనే రాసి, చదివి వినిపించి, కింద అతని సంతకం తీసుకోవాలి. తనవైపు నుంచి రాసి ఇవ్వడానికి రెండు రోజుల గడువు ఇవ్వాలి. ఆ జవాబు వచ్చాకే ఫైలు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాలి.